ఏడాది పాటు ఉద్యోగానికి విరామం: డబ్బు కూడబెట్టడం, బీమా తెగకుండా చూసుకోవడం ఎలా?

"ఏడాది ఉద్యోగం మానేద్దామనుకుంటున్నాను, ఎంత డబ్బు ఉండాలి?" ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతుంటారు. అడిగేవాళ్లు చాలామటుకు జవాబు కూడా వెంటబెట్టుకునే వస్తారు: "నెల ఖర్చును పన్నెండుతో గుణిస్తే సరిపోతుంది కదా?" సరిపోదు. నెల ఖర్చు అనుకునే అంకె తక్కువగా ఉంటుంది, పన్నెండు అనే అంకె కూడా తక్కువే. ఈ రెండింటినీ సరిచేశాక ఇక మిగిలే పెద్ద చిక్కు బీమా. దాన్ని రాజీనామా తర్వాత చూద్దాంలే అనుకుంటే ఆలస్యమైపోతుంది.

చదువు కోసమో, పిల్లల కోసమో, ఒంట్లో అలసట తీరడానికో, ఎందుకు మానినా లెక్క ఒకటే. కాబట్టి కారణాల జోలికి పోను.

ఊళ్లు, దేశాలు వేరైనా లెక్క అందరికీ పనికిరావాలని డబ్బును ఏ కరెన్సీలోనూ చెప్పడం లేదు. మీ చేతికొచ్చే నెల జీతం 100 అనుకోండి. మిగతా అంకెలన్నీ దాని మీదే. మీ జీతంలో ఎన్నో వంతు అన్నది చూసుకుంటే మీ లెక్క మీకు వచ్చేస్తుంది.

ముందు దగ్గర పెట్టుకోవలసినవి

- గత 12 నెలల బ్యాంకు, క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్లు. మూడు నెలలవి చాలవు, కారణం కింద చెబుతాను.
- ఆఫీసు ఇచ్చిన గ్రూప్ ఆరోగ్య బీమా పత్రం. కార్డు కాదు, షరతులున్న పత్రం.
- మీ పేరు మీద సొంతంగా ఉన్న పాలసీలన్నీ, వాటి ప్రీమియం తేదీలు.
- అప్పుల పట్టిక: ఎంత వాయిదా, ఎన్ని నెలలు మిగిలింది.
- నియామక పత్రంలో నోటీసు, సెలవుల గురించి రాసిన పేజీ.

అత్యవసర నిధి ఇప్పటికే విడిగా ఉండాలి. అది విరామం డబ్బులో భాగం కాదు. అది లేకపోతే ముందు అదే కూడబెట్టండి, ఆ తర్వాతే ఇటు రండి.

1. రాజీనామానా, జీతం లేని సెలవా? ముందు ఇది తేల్చుకోండి

చాలా సంస్థల్లో దీర్ఘకాల సెలవుకు నియమాలు ఉంటాయి, కానీ వాటి గురించి అడిగేవాళ్లే తక్కువ. సెలవు దొరికితే తిరిగి వచ్చే చోటు ఉంటుంది కాబట్టి కూడబెట్టవలసిన మొత్తం తగ్గుతుంది. అయితే హెచ్.ఆర్. వాళ్లను అడగవలసిన అసలు ప్రశ్న సెలవు ఇస్తారా అన్నది మాత్రమే కాదు. "జీతం లేని సెలవులో ఉన్నన్నాళ్లూ గ్రూప్ బీమా కొనసాగుతుందా? నా వాటా ప్రీమియం జీతంలో కోసేవారు కదా, జీతమే లేనప్పుడు అది ఎలా కట్టాలి? కుటుంబ సభ్యులకూ వర్తిస్తుందా?" జవాబు నోటిమాటగా కాకుండా ఈమెయిల్‌లో తీసుకోండి. "ఉంటుందిలెండి" అన్న మాటను పట్టుకుని క్లెయిమ్ పెట్టలేం.

సెలవు దొరకదు, రాజీనామాయే అన్నప్పుడు ఏం చేయాలో కింద చెబుతున్నాను. సెలవు దొరికినవాళ్లు అందులో నాలుగు నెలల ఉద్యోగ వేట లెక్క తీసేసుకుంటే చాలు.

2. అసలు నెల ఖర్చు పట్టుకోండి

ఏడాది స్టేట్‌మెంట్లు తీసి, సొంత ఖాతాల మధ్య జరిపిన డబ్బు, పొదుపు తీసేసి, బయటికి పోయినదంతా కూడండి. పన్నెండుతో భాగించండి. ఖర్చును తిండి, బట్టలు, వినోదం అంటూ ఇరవై రకాలుగా విడగొట్టే పని పెట్టుకోకండి. మూడే గంపలు చాలు: నెలనెలా వచ్చేవి, ఏడాదికి ఒకటి రెండు సార్లు వచ్చేవి, ఆఫీసుకు వెళ్తున్నందువల్ల అయ్యేవి.

మా బంధువుల్లో ఒకావిడ ఈ లెక్క వేస్తుంటే పక్కనే కూర్చున్నాను. భార్యాభర్తలు, ఒక బిడ్డ, ఇల్లు గడిచేది ఆవిడ జీతం మీదే. "మాకు నెలకు 58 అవుతుంది" అని మొదలుపెట్టింది. స్టేట్‌మెంట్లు కూడితే ఏడాదికి 840 తేలింది, అంటే నెలకు 70. తేడా పన్నెండు ఎక్కడిదంటే పాలసీ ప్రీమియాలు, బడి ఫీజు, బండి మరమ్మతు, ఒక పళ్ల వైద్యం, ఒక ప్రయాణం. ఏడాదికోసారి వచ్చే వీటిని "ఈ నెల ఏదో అనుకోకుండా వచ్చింది" అని అనుకుంటూ వచ్చింది. అనుకోనివి ప్రతి ఏడాదీ వస్తూనే ఉన్నాయి. మూడు నెలల స్టేట్‌మెంట్లతో లెక్క వేయవద్దని అన్నది ఇందుకే.

3. విరామంలో నెల ఖర్చు వేరు, దాన్ని విడిగా కట్టండి

ఇప్పటి ఖర్చులోంచి కొన్ని పోతాయి, కొన్ని కొత్తగా చేరతాయి. ఆవిడ లెక్క ఇలా నడిచింది.

ఇప్పటి ఖర్చు 70. బండి అప్పు వాయిదా 8, ఇంకో 18 నెలల్లో తీరిపోతుంది, విరామం నాటికి ఉండదు. ఆఫీసు రాకపోకలు, బయట భోజనాలు కలిపి 6 తగ్గుతాయి. మానేయగలం అనుకున్న సరదా ఖర్చులు 5. ఈ మూడూ తీసేస్తే 51 మిగిలింది. ఇక్కడితో ఆగిపోవడం మామూలుగా జరిగే పొరపాటు. ఆఫీసు ఇన్నాళ్లూ చడీచప్పుడు లేకుండా భరించినవి ఇప్పుడు మీ మీద పడతాయి. ఆవిడకు ఫోను, ఇంటర్నెట్ కలిపి 2, కుటుంబం మొత్తానికి సొంత ఆరోగ్య బీమా నెలవారీగా చూస్తే 3. మొత్తం 56.

జీతం పత్రంలో కోతల వైపు ఒకసారి చూడండి. బీమా వాటా, పదవీ విరమణ నిధి లాంటివి అక్కడే ఉంటాయి. వాటిలో విరామంలోనూ ఆగకూడనివి ఏవో గుర్తుపెట్టండి.

4. పన్నెండు కాదు, పదహారు నెలలు

విరామం పన్నెండు నెలలే కావచ్చు, జీతం లేని కాలం మాత్రం అంతకంటే ఎక్కువ. ఉద్యోగం వెతకాలి, మాటలు కుదరాలి, చేరాలి, చేరాక నెల పనిచేస్తేనే మొదటి జీతం. నేను దీనికి నాలుగు నెలలు వేస్తాను. మీ రంగంలో నియామకాలు నెమ్మదిగా జరుగుతాయంటే, లేదా మీది పెద్ద హోదా అయితే ఆరు వేయండి.

ఆవిడ లెక్క: 56 × 16 = 896. చేయదలచుకున్న కోర్సుకు ఒకేసారి కట్టేది 60. ధరలు పెరగడానికి, లెక్క తప్పడానికి 896 మీద అయిదు శాతం, అంటే సుమారు 45, దీన్ని తరుగు అందాం. కలిపితే 1001. వెయ్యి అనుకుందాం, పది నెలల జీతం అన్నమాట.

చివరి రోజున చేతికొచ్చే సెలవుల డబ్బు, బోనస్ వగైరా ఈ వెయ్యిలో కలపకండి. అవి రావడం ఆలస్యం కావచ్చు, నోటీసు కాలం సర్దుబాటులో తగ్గిపోవచ్చు. వస్తే అదనం అనుకోండి.

5. బీమా: ఉద్యోగంలో ఉండగానే తేల్చవలసిన పని

ఈ అడుగు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. డబ్బు తక్కువైతే విరామం రెండు నెలలు ముందు ముగుస్తుంది, అంతే. బీమా లేని నెలలో ఆసుపత్రి పాలైతే కూడబెట్టినదంతా ఒక్క బిల్లులో పోతుంది.

*ఆరోగ్య బీమా.* ఆఫీసు గ్రూప్ పాలసీ సాధారణంగా చివరి పనిదినంతోనో, ఆ నెలాఖరుతోనో ఆగిపోతుంది. మీ పాలసీ సంవత్సరం ఇంకా ఎన్ని నెలలు మిగిలి ఉందన్నదానితో సంబంధం లేదు. మరోవైపు కొత్త పాలసీ తీసుకున్న రోజునే అన్నీ వర్తించవు. దానికి వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. ఇక్కడే నేను దెబ్బతిన్నాను.

నా మొదటి విరామానికి డబ్బు లెక్క పక్కాగా వేశాను. బీమా దరఖాస్తు మాత్రం ఉద్యోగం మానిన పదకొండో రోజున పెట్టాను. వైద్య పరీక్షలో రక్తపోటు ఎక్కువగా తేలింది. మళ్లీ పరీక్ష, డాక్టరు ఉత్తరం, కాగితాలు అటూ ఇటూ. పాలసీ చేతికొచ్చేసరికి ఏడు వారాలు. వచ్చినదాంట్లోనూ రక్తపోటుకు సంబంధించిన వాటికి వెయిటింగ్ పీరియడ్ రాశారు. ఆ ఏడు వారాలు నిచ్చెన ఎక్కాలన్నా భయమేసింది. అదే దరఖాస్తు ఏడాది ముందు పెట్టుంటే, వెయిటింగ్ పీరియడ్‌లో ఏడాది కాలం జీతం వస్తుండగానే గడిచిపోయేది. ఈలోగా ఏదైనా అయితే గ్రూప్ పాలసీ ఆదుకునేది.

అందుకని క్రమం ఇది. విరామం తీసుకోవాలని గట్టిగా అనుకున్న నెలలోనే సొంత పాలసీకి దరఖాస్తు పెట్టండి. రెండు ప్రీమియాలు కట్టడం దండగ అనిపిస్తుంది. నిజానికి ఆ డబ్బుతో వెయిటింగ్ పీరియడ్‌ను ముందే నడిపించేస్తున్నారు. దరఖాస్తులో ఉన్న జబ్బులు, వాడే మందులు ఏవీ దాచకండి. దాచిన సంగతి బయటపడేది క్లెయిమ్ రోజునే, ఆనాడు పాలసీ ఉండీ లేనట్టే.

నియమాలు దేశాన్ని బట్టి మారతాయి. మన పాఠకులు ఎక్కువగా ఉన్న రెండు చోట్ల సంగతి చెబుతాను.

భారత్‌లో కొత్త ఆరోగ్య పాలసీకి మొదటి 30 రోజులు ప్రమాదాలు తప్ప మిగతావి వర్తించకపోవడం మామూలు. ముందునుంచి ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ గరిష్ఠంగా 36 నెలలు, 2024లో నియంత్రణ సంస్థ దాన్ని 48 నుంచి తగ్గించింది. గ్రూప్ పాలసీ ఉన్నవాళ్లకు ఇంకో దారి ఉంది. అదే బీమా కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారడం. అలా మారితే గ్రూప్‌లో గడిపిన కాలాన్ని వెయిటింగ్ పీరియడ్‌లో కలిపి చూసే వీలుంటుంది. అయితే కంపెనీ మీ ఆరోగ్యాన్ని మళ్లీ పరిశీలించవచ్చు. పైగా గ్రూప్ పాలసీ బతికి ఉండగానే దరఖాస్తు వెళ్లాలి. నోటీసు ఇచ్చిన వారంలోనే కంపెనీకి రాయండి.

అమెరికాలో 20 మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థ నుంచి బయటికొస్తే కోబ్రా అనే చట్టం కింద అదే గ్రూప్ బీమాను సాధారణంగా 18 నెలల వరకు కొనసాగించుకోవచ్చు. మీరే రాజీనామా చేసినా వర్తిస్తుంది. ఎంచుకోవడానికి కనీసం 60 రోజుల గడువు ఇస్తారు. కానీ సంస్థ కడుతూ వచ్చిన వాటాతో సహా మొత్తం ప్రీమియం, పైన 2 శాతం వరకు, మీరే కట్టాలి. ఆ బిల్లు చూసి చాలామంది గుడ్లు తేలేస్తారు. బీమా పోయిన 60 రోజుల్లోపు ప్రభుత్వ ఆరోగ్య బీమా మార్కెట్‌ప్లేస్‌లో వేరే పాలసీ తీసుకునే వీలూ ఉంది. విరామ సంవత్సరంలో ఆదాయం తగ్గుతుంది కాబట్టి అక్కడ రాయితీ దొరుకుతుందేమో లెక్క చూడండి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడకుండా కోబ్రా కట్టేయకండి.

ఎక్కడున్నా మూడో దారి ఒకటి ఉంటుంది: భర్తదో భార్యదో ఆఫీసు పాలసీలో చేరడం. మామూలుగా చౌకైన దారి ఇదే. కాకపోతే దానికీ గడువు ఉంటుంది. మీ బీమా ఆగిన తర్వాత ఇన్ని రోజుల్లోపు పేరు చేర్చాలని వాళ్ల హెచ్.ఆర్. నియమం పెడుతుంది. అది దాటితే తర్వాతి పునరుద్ధరణ దాకా ఆగాల్సిందే.

*జీవిత బీమా.* ఆఫీసు ఇచ్చే గ్రూప్ జీవిత బీమా కూడా ఉద్యోగంతోనే పోతుంది. సొంత టర్మ్ పాలసీ ఇప్పటికే ఉంటే దిగులు లేదు, ప్రీమియం కడుతున్నంత కాలం ఉద్యోగం ఉన్నా లేకున్నా అది నిలుస్తుంది. లేకపోతే మాత్రం ఇప్పుడే తీసుకోవాలి. టర్మ్ పాలసీ ఇచ్చేటప్పుడు కంపెనీలు ఆదాయ రుజువు అడుగుతాయి, ఎంత మొత్తానికి ఇవ్వాలో దాన్ని బట్టే తేలుస్తాయి. జీతం ఆగిన తర్వాత అడిగితే తక్కువ మొత్తానికి ఇస్తామనవచ్చు, అసలు ఇవ్వమనీ అనవచ్చు.

*ఆదాయ రక్షణ పాలసీ.* జబ్బు చేసి పనిచేయలేకపోతే నెలనెలా డబ్బు ఇచ్చే రకం ఇది. ఇది ఉన్నవాళ్లు షరతులు తీసి చదవండి. ఇలాంటివి మీ సంపాదనలో ఒక వాటాను చెల్లిస్తాయి. సంపాదనే లేని కాలంలో వాటా దేనిమీద వేస్తారు? కొన్ని పాలసీలు విరామంలో ప్రీమియం మాత్రం తీసుకుంటూ, క్లెయిమ్‌కు వచ్చేసరికి ఏమీ ఇవ్వని స్థితిలో ఉంటాయి. కంపెనీని రాతపూర్వకంగా అడిగి, వీలుంటే తాత్కాలికంగా ఆపి, మళ్లీ మొదలుపెట్టే సౌకర్యం ఉందేమో కనుక్కోండి. ప్రమాద బీమాకు ఈ చిక్కు తక్కువ.

విరామంలో విదేశాల్లో ఎక్కువకాలం ఉండబోతుంటే ఇంటి దగ్గరి ఆరోగ్య పాలసీ అక్కడ పనిచేస్తుందని అనుకోవద్దు. ప్రయాణ బీమాలోనూ ఒక్కో ప్రయాణం ఇన్ని రోజులకు మించకూడదన్న షరతు ఉంటుంది.

పని అయ్యిందో లేదో ఇలా చూసుకోండి: ఒక కాగితం మీద రెండు తేదీలు రాయండి. గ్రూప్ పాలసీ ఆగే రోజు, సొంత పాలసీలో 30 రోజుల తొలి గడువు ముగిసే రోజు. రెండోది మొదటిదానికంటే ముందు ఉండాలి. వెనకపడితే రాజీనామా తేదీని జరపండి. ఇంట్లో ప్రతి మనిషికీ ఈ రెండు తేదీలు విడివిడిగా చూడండి, ముఖ్యంగా మీ గ్రూప్ పాలసీ మీదే ఆధారపడిన పెద్దవాళ్లకు.

6. నెలవారీ పొదుపు: ఎన్నాళ్లు పడుతుంది?

ఆవిడ అప్పటిదాకా నెలకు 30 మిగుల్చుతోంది. తగ్గించిన సరదా ఖర్చులు 5 కలిసి 35, ముందే తీసుకున్న ఆరోగ్య పాలసీకి 3 పోయి 32. బండి అప్పు తీరేదాకా 18 నెలలు ఇలా దాస్తే 576. ఆ తర్వాత వాయిదా 8 కూడా ఇటే మళ్లి నెలకు 40. మిగిలిన 424కు 11 నెలలు. మొత్తం 29 నెలలు. వడ్డీ కలపలేదు, అది ధరల పెరుగుదలకు సరిపోతుందని వదిలేశాం.

జీతం పడిన మర్నాడే ఈ మొత్తం వేరే ఖాతాకు దానంతటదే వెళ్లేలా బ్యాంకులో ఆదేశం పెట్టండి. వేరే ఖాతా అంటే డెబిట్ కార్డు లేనిది, చెల్లింపుల యాప్‌కు కలపనిది. నెలాఖరున మిగిలినది దాద్దాం అనే పద్ధతి పెట్టుకున్నవాళ్లెవరూ 29 నెలల్లో చేరుకోలేదు, నేను చూసినంతలో.

29 నెలలు మరీ దూరం అనిపిస్తే మీటలు రెండే: విరామాన్ని చిన్నది చేయడం, నెల ఖర్చు తగ్గించడం. రెండోదానికి రెట్టింపు బలం. నెలకు 3 తగ్గిస్తే కావలసిన మొత్తంలో 48 తగ్గుతుంది, పైగా ఆ 3 నెలనెలా పొదుపులోనూ చేరుతుంది. ఎక్కువ లాభం వచ్చే చోట పెట్టి తొందరగా చేరుకుందాం అన్నది మాత్రం మీట కాదు.

7. ఆ డబ్బు ఎక్కడ ఉంచాలి?

షేర్లలో వద్దు. రెండు మూడేళ్లలో ఖర్చుపెట్టేయబోయే డబ్బుకు అక్కడ చోటు లేదు. వెయ్యి కూడాక మార్కెట్ పావు వంతు పడిందనుకోండి, 250 పోయింది. నెలకు 56 చొప్పున అది నాలుగున్నర నెలల బతుకు, అంటే ఉద్యోగ వేటకని దాచిన కాలం మొత్తం. కోలుకునేదాకా ఆగుదామంటే ప్రతి నెలా తీసి వాడుకోవలసిన డబ్బాయె.

విరామం మొదలయ్యే నాటికి ఇలా అమర్చండి. మూడు నెలల ఖర్చు 168 మామూలు సేవింగ్స్ ఖాతాలో. కోర్సుకు 60, తరుగుకు 45 విడిగా. మిగిలినది మూడేసి నెలల ముక్కలుగా, ఒక్కోటి 168, ఫిక్స్‌డ్ డిపాజిట్లు: ఒకటి మూడో నెల చివర చేతికొచ్చేలా, తర్వాతది ఆరో నెల చివర, అలా పదిహేనో నెల దాకా. చివరి ముక్క ఒక్క నెలదే, 56. అవసరం పడి ఒకటి మధ్యలో పగలగొట్టినా మిగతావాటి వడ్డీ పోదు. అన్నీ కలిపి ఒకే పెద్ద డిపాజిట్ చేస్తే ఈ వెసులుబాటు ఉండదు. డిపాజిట్ గడువు తీరాక తానే మళ్లీ మొదలయ్యే ఏర్పాటు ఉంటే తీసేయండి.

క్రెడిట్ కార్డు, ఇంటి అద్దె ఒప్పందం, అప్పు బదిలీ లాంటి జీతం పత్రం అడిగే పనులన్నీ నోటీసు ఇవ్వకముందే ముగించండి.

8. చివరి మూడు నెలలు తాలీము

రాజీనామాకు ముందు మూడు నెలలు విరామం ఖర్చుతోనే బతికి చూడండి. ఆవిడ విషయంలో తాలీము అంకె 60: విరామపు 56కు ఆఫీసు రాకపోకలు 6 కలిపి, ఆఫీసు ఇంకా కడుతున్న ఫోను, ఇంటర్నెట్ 2 తీసేస్తే వచ్చేది. మూడు నెలలు గడిచాక చూస్తే సగటు 64 తేలింది. తగ్గిస్తామనుకున్న సరదా ఖర్చుల్లో చాలావరకు తగ్గనే లేదు.

ఇక్కడ మనల్ని మనం తిట్టుకోవడం కంటే అంకె మార్చుకోవడం మంచిది. నెలకు 4 ఎక్కువంటే పదహారు నెలలకు 64, దాని మీద తరుగు 3. తాలీము నెలల్లో పొదుపు కూడా 40 బదులు 36 చొప్పునే పడింది కాబట్టి 29వ నెల చివర చేతిలో ఉన్నది 1004, కావలసింది 1067. తేడా 63, అంటే ఇంకో రెండు నెలల పొదుపు. ఆవిడ 31 నెలలకు నోటీసు ఇచ్చింది. ఆ రెండు నెలలూ ఆవిడకు ఎంత చిరాకు తెప్పించాయో చెప్పలేను. కానీ ఉద్యోగంలో ఉండి రెండు నెలలు ఆగడం, విరామం పదో నెలలో డబ్బు చాలదని తెలియడం ఒకటి కాదు.

(కింది ఉదాహరణలు సులువుగా ఉండడానికి పాత అంకె 56తోనే చెబుతాను.)

9. మీకు మీరే జీతం ఇచ్చుకోండి

విరామం మొదలయ్యాక నెల మొదటి తేదీన సేవింగ్స్ ఖాతా నుంచి 41 ఇంటి ఖాతాకు, 15 "ఏడాది ఖర్చుల" ఖాతాకు వెళ్లేలా ఏర్పాటు చేయండి. 15 అంటే మొదట దొరికిన పన్నెండూ, కొత్త ఆరోగ్య బీమా మూడూ. ప్రీమియం, ఫీజు వచ్చినప్పుడు ఈ ఖాతా నుంచే కట్టాలి. అయితే విరామం తొలి నెలల్లోనే పెద్ద ప్రీమియం ఉంటే ఆ ఖాతాలో అప్పటికి డబ్బు చేరి ఉండదు. అలాంటివి ఉద్యోగం చివరి నెలల్లోనే, వీలైతే ఏడాదికి ఒకేసారి, కట్టేయండి. నెలవారీ ప్రీమియం పెట్టుకుని ఖాతాలో డబ్బు లేక వాయిదా తప్పి, గ్రేస్ గడువు కూడా దాటి పాలసీ పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. వెయిటింగ్ పీరియడ్ మళ్లీ మొదటికి వస్తుంది.

నెలకోసారి ఒక్క లెక్క చాలు. కోర్సు, తరుగు పక్కనపెట్టి మిగిలి ఉండవలసింది: 896 లోంచి, 56ను గడిచిన నెలలతో గుణించి తీసేయాలి. నాలుగు నెలలు గడిస్తే 672 ఉండాలి. 650 ఉంటే తరుగులోంచి 22 వాడినట్టు రాసుకోండి. తరుగు 45లో దాదాపు సగం నాలుగు నెలలకే పోయిందంటే వచ్చే నెల నుంచి ఏదో ఒకటి తగ్గించాలి, లేదా విరామం నెల కుదించాలి.

ఇంకో గీత కూడా ముందే గీసుకోండి. మిగిలిన డబ్బు అయిదు నెలల ఖర్చుకు, అంటే 280కి దిగిన రోజున ఉద్యోగ వేట మొదలుపెట్టాలి. అన్నీ అనుకున్నట్టు నడిస్తే అది పదకొండో నెల చివర వస్తుంది. ఎనిమిదో నెలలోనే వస్తే ఎనిమిదో నెలలోనే మొదలుపెట్టాలి, కోర్సు మధ్యలో ఉన్నా సరే.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

అత్యవసర నిధిని కూడా విరామం మొత్తంలో కలిపి "వచ్చేసింది" అనుకోవడం మొదటిది. విరామంలోనూ పళ్లు నొప్పెడతాయి, ఇంటి పైకప్పు కారుతుంది.

రెండోది, "మధ్యలో చిన్నా చితకా పనులు చేసి సంపాదిస్తాను" అని ఆ ఆదాయాన్ని ముందే లెక్కలో వేసుకోవడం. వస్తే తరుగు ఖాతాలో వేయండి. ముందే తీసేసుకుంటే, అది రాని నెలలో విరామం కాస్తా నిరుద్యోగం అయిపోతుంది.

మూడోది పన్ను. విరామం పన్ను సంవత్సరం మధ్యలో మొదలైతే ఆదాయం రెండు సంవత్సరాలకు చీలుతుంది. జీతంలో కోసిన పన్ను ఏడాది పొడవునా సంపాదిస్తారనే లెక్కతో కోసి ఉండవచ్చు. రిటర్ను వేస్తే కొంత తిరిగి రావచ్చు. ఆదాయం లేదు కదా అని రిటర్ను మానేయకండి.

10. తిరిగి చేరాక

కొత్త ఆఫీసులో గ్రూప్ బీమా ఎప్పటినుంచి మొదలవుతుందో నియామక పత్రం తీసుకునేటప్పుడే అడగండి. కొన్నిచోట్ల చేరిన రోజునుంచే, కొన్నిచోట్ల నెలో మూడు నెలలో ఆగాలి. అది మొదలైంది కదా అని సొంత పాలసీని వదిలేయాలనిపిస్తుంది. వదలకండి. ఇన్నాళ్లూ కట్టుకుంటూ వచ్చినదంతా వెయిటింగ్ పీరియడ్‌లో జమ అయి ఉంది. ఆవిడ ఇప్పుడు కొత్త ఉద్యోగంలో ఉంది, సొంత పాలసీ నెలకు 3 చొప్పున ఇంకా కడుతూనే ఉంది. ఆదేశం పెట్టిన ఆ కార్డు లేని ఖాతాను కూడా మూయలేదు. ఎందుకమ్మా అంటే, "ఏమో, ఇంకో ఆరేళ్లకు మళ్లీ అవసరం పడుతుందేమో" అంది.